స్క్రూ తల ప్లేటుతో సమంగా కూర్చోవాలంటే: కౌంటర్ సింక్, కౌంటర్ బోర్ కాలౌట్‌లో ఉన్నదేంటి, లేనిదేంటి

మిర్యాలగూడలో రైస్ మిల్లు స్పేర్లు చేసే వర్క్‌షాప్‌కు ఒక లైనర్ ప్లేటు డ్రాయింగ్ వచ్చిందనుకుందాం. వడ్లు జారిపోయే షూట్ లోపల బిగించే ప్లేటు ఇది, మందం 10 మి.మీ. వడ్లు తగిలే ముఖం మీద ఆరు రంధ్రాలు, పక్కన బ్రాకెట్‌కు బిగించే చోట నాలుగు రంధ్రాలు ఉన్నాయి. అన్నీ ఎం6 స్క్రూలకే. డ్రాయింగ్ మీద ఇలా రాసి ఉంది:

```
6X ⌀6.6 THRU
⌵ ⌀13.4 X 90°

4X ⌀6.6 THRU
⌴ ⌀11 ↧ 6.8
```

మొదటిది కౌంటర్ సింక్. ⌀6.6 అంటే స్క్రూ ఒంటికి విడిచిన రంధ్రం. ఎం6 స్క్రూ ఒళ్లు 6 మి.మీ. కాబట్టి 0.6 వదులు ఉంటుంది. THRU అంటే ప్లేటు ఈవలి నుంచి ఆవలికి పడాలి. కింది వరుసలో ఉన్న ⌵ గుర్తు గరాటు ఆకారాన్ని చెబుతుంది. దాని వెనక వచ్చే 13.4 ఆ గరాటు నోటి వ్యాసం, 90° దాని రెండు గోడల మధ్య ఉన్న పూర్తి కోణం. రెండోది కౌంటర్ బోర్. ⌴ అంటే చదునైన అడుగున్న గుండ్రటి గుంత, 11 దాని వ్యాసం, ↧ తర్వాతి 6.8 దాని లోతు. ముందున్న 6X, 4X లెక్కలు కింది వరుసకు కూడా వర్తిస్తాయి.

మన దగ్గర చాలా డ్రాయింగుల్లో ఈ గుర్తులు ఉండవు. `CSK ⌀13.4 X 90°` అనో, `C'BORE ⌀11 X 6.8 DEEP` అనో రాస్తారు. అర్థం ఒకటే. `CSK TO SUIT M6` అని మాత్రమే ఉంటే సంగతి వేరు. అక్కడ కొలత ఇవ్వలేదు, చేతిలో ఉన్న స్క్రూను కొలిచి నువ్వే తేల్చుకోమని డ్రాయింగ్ చెబుతోంది.

ఇక అసలు చిక్కు. కౌంటర్ బోర్‌కు లోతు రాశారు, కౌంటర్ సింక్‌కు రాయలేదు. "అన్నా, గిండ్ల లోతు లేదు, ఎంత దింపాలె?" అని కొత్తగా చేరిన కుర్రాడు అడిగేది ఇక్కడే. లోతు రాయకపోవడం మరిచిపోయి కాదు. కోణం, పై వ్యాసం, రంధ్రం వ్యాసం మూడూ తెలిశాక లోతు దానంతటదే తేలిపోతుంది. మళ్లీ రాస్తే ఒకే కొలతను రెండు చోట్ల చెప్పినట్టవుతుంది, రెండూ కలవకపోతే గొడవ.

90° గరాటులో గోడ 45 డిగ్రీల వాలులో దిగుతుంది. అంటే పక్కకు ఎంత జరిగితే కిందికి అంతే. కాబట్టి లెక్క చాలా తేలిక:

```
లోతు = (13.4 - 6.6) / 2 = 3.4
```

వేరే కోణమైతే ఈ సగాన్ని, సగం కోణపు టాంజెంట్‌తో భాగించాలి. 90 డిగ్రీలకు ఆ టాంజెంట్ 1 కాబట్టి మనకు ఆ పని తప్పింది. దీంట్లోంచి గుర్తుంచుకోవాల్సింది ఒకటే: బిట్టు 0.1 కిందికి దిగితే నోరు 0.2 పెరుగుతుంది. నోటి వ్యాసం 0.2 తేడా వస్తే స్క్రూ తల 0.1 పైకో కిందికో జరుగుతుంది. డ్రాయింగ్‌లో వ్యాసానికి ±0.2 టాలరెన్స్ ఇచ్చారంటే తల ఎత్తు విషయంలో నీకు దొరికిన వెసులుబాటు ±0.1 మాత్రమే.

సరే, 13.4 ఎక్కడి నుంచి వచ్చింది? ఎం6 అలెన్ సీఎస్‌కే స్క్రూకు ఐఎస్‌ఓ 10642 ప్రమాణంలో తల వ్యాసం 13.44 అని ఉంటుంది. అయితే ఆ ప్రమాణానికి చేసిన స్క్రూను కూడా వెర్నియర్‌తో పట్టి చూడు, 13.44 ఎక్కడా కనబడదు, అంతకంటే చిన్నదే వస్తుంది. ఎందుకంటే ఆ సంఖ్య నిజమైన అంచుది కాదు. తల వాలును పైదాకా కత్తి అంచులా పొడిగిస్తే వచ్చే ఊహా వ్యాసం అది. నిజమైన తలకు కత్తి అంచు ఉండదు. ఉంటే చేతులు తెగుతాయి, చిన్న దెబ్బకే అంచు విరుగుతుంది. అందుకని తల చుట్టూ చిన్న నిట్టనిలువు పట్టీ ఒకటి వదిలేస్తారు, లేదా అంచును గుండ్రం చేస్తారు. తల పైభాగం ప్లేటుతో సమంగా రావాలంటే గరాటు నోరు ఆ ఊహా వ్యాసానికి సరిపోవాలి, కొలిచిన అంచుకు కాదు. కొలిచిన అంచుకు సరిపెడితే ఆ పట్టీ ఎత్తంత తల బయటే ఉండిపోతుంది.

దీనికి చేతిలో ఉన్న స్క్రూ మీద లెక్క ఇలా కట్టాలి. తల అంచు వ్యాసం కొలువు. అంచు పట్టీ ఎత్తు కొలువు. 90° తలకైతే ఊహా వ్యాసం అంటే అంచు వ్యాసానికి పట్టీ ఎత్తుకు రెండింతలు కలిపినది. పట్టీ మరీ సన్నగా ఉండి కొలవడం కుదరకపోతే ఇంకో దారి ఉంది: తల మొత్తం ఎత్తును రెండింతలు చేసి స్క్రూ ఒంటి వ్యాసానికి కలుపు. ఐఎస్‌ఓ 10642లో ఎం6 తల ఎత్తు గరిష్ఠంగా 3.72. 3.72ను రెండింతలు చేసి 6 కలిపితే 13.44. ప్రమాణంలో ఉన్న సంఖ్య అదే. ఈ రెండో దారిలో తల ఎక్కడ ముగిసి ఒళ్లు ఎక్కడ మొదలైందో సరిగా పట్టుకోవాలి. తల కింద చిన్న వంపు ఉంటుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే వీలైతే మొదటి దారే మంచిది.

ఇప్పుడు హార్డ్‌వేర్ షాపుకు పోదాం. ఎం6 సీఎస్‌కే అలెన్ అడిగితే షాపు వాడిచ్చే డబ్బాలో పాత డిన్ 7991 కొలతల స్క్రూలు ఉండొచ్చు. చూడ్డానికి తేడా తెలియదు, మర ఒకటే, కోణం కూడా 90 డిగ్రీలే. కానీ ఆ ప్రమాణంలో ఎం6 తల వ్యాసం గరిష్ఠంగా 12 మాత్రమే. ఒక స్క్రూ తీసి కొలిస్తే అంచు 11.8, పట్టీ 0.3 వచ్చాయనుకుందాం. ఊహా వ్యాసం 12.4. డ్రాయింగ్ ప్రకారం 13.4 నోరు తీసిన గరాటులో ఈ స్క్రూ పెడితే:

```
(13.4 - 12.4) / 2 = 0.5
```

తల ప్లేటు ముఖం కంటే అర మిల్లీమీటరు లోపలికి పోతుంది. డ్రిల్లింగ్ చేసినవాడి తప్పు లేదు, డ్రాయింగ్ తప్పు లేదు, స్క్రూ కూడా దాని ప్రమాణం ప్రకారం సరైనదే. రెండు వేర్వేరు ప్రమాణాలు కలిశాయి, అంతే. మామూలు కవరు ప్లేటుకైతే 0.5 లోపలికి పోతే ఎవరూ పట్టించుకోరు. వడ్లు జారే ముఖం మీద మాత్రం ఆ పల్లంలో ఊకా దుమ్మూ చేరతాయి. తల బయటికి పొడుచుకొస్తే ఇంకా చెడ్డది. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి వడ్లు రాపిడి పెడతాయి, ఎదురుగా నిలబడ్డ తల అంచు ముందు అరుగుతుంది, తర్వాత అలెన్ కీ పట్టే గుంత పాడై స్క్రూ ఊడదీయడమే కష్టమవుతుంది.

13.4 తీసేశాక దాన్ని చిన్నది చేయలేం. రెండు దారులే మిగులుతాయి. ఐఎస్‌ఓ 10642 కొలతల స్క్రూలు తెప్పించడం ఒకటి. ప్లేటు మందంలో వెసులుబాటు ఉంటే ముఖాన్ని 0.5 చెక్కడం ఇంకొకటి. ముఖం 0.5 దిగితే నోరు 1 మి.మీ. తగ్గి 12.4కు వస్తుంది. అయితే ప్లేటు 9.5 అవుతుంది, అది పార్టీని అడగకుండా చేసే పని కాదు. ఈ తిప్పలేవీ వద్దనుకుంటే స్క్రూ చేతికి వచ్చాకే గరాటు తీయాలి. ముందు ఒక ముక్క మీద తీసి స్క్రూ వేసి చూడు, తర్వాతే అసలు ప్లేటు ముట్టు.

లోతు 3.4 అని తేలినా, డ్రిల్ మిషన్ మీద 3.4 దింపితే సరిపోతుందా? సున్నా ఎక్కడ పెట్టావన్న దాన్ని బట్టి ఉంటుంది. ముందే 6.6 రంధ్రం ఉంది కాబట్టి కౌంటర్ సింక్ బిట్టు మొన రంధ్రంలోకి దిగిపోయి, గోడలు రంధ్రం అంచుకు తగులుతాయి. ఆ తగిలిన చోట సున్నా పెడితే అక్కడి నుంచి 3.4 దింపాలి. కానీ డ్రిల్ చేసిన రంధ్రం అంచున బర్ ఉంటుంది, బిట్టు ముందు దానికే తగులుతుంది. సున్నా 0.2 పైన పడితే నోరు 0.4 చిన్నదవుతుంది. బర్ తీసి సున్నా పెట్టడం కనీస జాగ్రత్త. ఇంకా నమ్మకమైన పద్ధతి, బిట్టు మొనను రంధ్రం పక్కన చదును ముఖం మీద తాకించి సున్నా పెట్టడం. అప్పుడు లెక్క మారుతుంది. బిట్టు మొన సూదిలా ఉంటే నోటి వ్యాసంలో సగం, అంటే 6.7 దింపాలి. కానీ చాలా బిట్ల మొన చదునుగా కోసి ఉంటుంది. ఆ చదును వ్యాసం 3 మి.మీ. అయితే 13.4లోంచి 3 తీసి సగం చేయి, 5.2 వస్తుంది. మొన కొలవకుండా 6.7 దింపావంటే నోరు 16.4 అయి కూర్చుంటుంది.

వేగం గురించి ఒక్క మాట. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుతో మైల్డ్ స్టీల్ మీద ఈ వ్యాసానికి నిమిషానికి 250 చుట్ల దగ్గర ఉంచితే మేలు. రంధ్రానికి పెట్టిన వేగంతోనే గరాటు కూడా తీస్తే బిట్టు కొట్టుకుంటుంది, గోడ గుండ్రంగా కాకుండా పలకలు పలకలుగా వస్తుంది. అలాంటి గోడ మీద తల రెండు మూడు చోట్లే ఆనుతుంది.

కౌంటర్ సింక్ బిట్టు దొరక్క పెద్ద డ్రిల్ బిట్టుతోనే గరాటు తీయడం అన్ని ఊళ్లలో జరిగేదే. అక్కడ ఏమవుతుందో లెక్క చూస్తే ఇక ఆ పని చేయబుద్ధి కాదు. మామూలు డ్రిల్ బిట్టు మొన కోణం 118°. నోరు 13.4 వచ్చేదాకా దింపితే గరాటు లోతు 3.4 రాదు. సగం కోణం 59 డిగ్రీలు, దాని టాంజెంట్ 1.664:

```
3.4 / 1.664 = 2.04
```

గరాటు బాగా వెడల్పు, తల నిటారు. కాబట్టి తల గోడకు ఆనదు, అడుగున 6.6 రంధ్రం అంచు మీద మాత్రమే కూర్చుంటుంది. మన డిన్ స్క్రూ తలలో 6.6 వ్యాసం ఉన్న చోటు నుంచి పైదాకా ఎత్తు, 12.4లోంచి 6.6 తీసి సగం చేస్తే, 2.9. గరాటు లోతు 2.04 మాత్రమే. 0.86 మి.మీ. తల బయటే ఉంటుంది. దాన్ని సమం చేయాలని ఇంకా దింపుతూ పోతే నోరు 16.2 దాటేదాకా తల మునగదు. అప్పుడు తల చుట్టూ ఉంగరంలా ఖాళీ కనబడుతుంది. బిగించిన బలమంతా సన్నటి అంచు మీద పడుతుంది, కొన్నాళ్లకు ఆ అంచు నలిగి స్క్రూ వదులవుతుంది. బిట్టు మొనను 90 డిగ్రీలకు సాన పట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. పట్టేవాడికి గేజ్ పెట్టి చూసే ఓపిక ఉండాలి.

ఇదే కారణంతో అంగుళాల స్క్రూల దగ్గర జాగ్రత్త అవసరం. పాత ఇంపోర్టెడ్ మిషన్లలో కనిపించే అమెరికన్ సీఎస్‌కే స్క్రూల తల కోణం సాధారణంగా 82°. అది 90° గరాటులో అడుగున మాత్రమే ఆనుతుంది. తిరగేస్తే, 90° స్క్రూను 82° గరాటులో పెడితే పై అంచున మాత్రమే ఆనుతుంది. కాలౌట్‌లో కోణం చూడకుండా వ్యాసం ఒక్కటే చూస్తే ఇది దొరకదు.

ఇంకో అడ్డంకి ప్లేటు మందం. మన ప్లేటు 10 మి.మీ. కాబట్టి 3.4 లోతు గరాటు తీశాక కింద 6.6 మి.మీ. నిటారు రంధ్రం మిగులుతుంది. అదే పార్టీ తర్వాత వచ్చి "3 మి.మీ. షీటుకు కూడా గిదే ఎం6 పెట్టు" అంటే ఒప్పుకోవద్దు. 3.4 లోతు 3 మి.మీ. షీటులో పట్టదు. గరాటు ఆవలికి తేలి రంధ్రమే పెద్దదవుతుంది, తల అడుగు పోయి కింద ఉన్న పార్టుకు తగులుతుంది. స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, షీటు మాత్రం ఆడుతుంటుంది. ఎం5 అయినా చాలదు: ఐఎస్‌ఓ తల 11.2, రంధ్రం 5.5, లోతు 2.85, అడుగున 0.15 కత్తి అంచు మిగులుతుంది. ఎం4కు దిగితే తల 8.96, రంధ్రం 4.5, లోతు 2.23. 3 మి.మీ. షీటుకు అక్కడినుంచే ఆలోచించాలి.

బ్రాకెట్ వైపు నాలుగు రంధ్రాలకు వద్దాం. కౌంటర్ బోర్ చదవడం తేలిక, ఎందుకంటే రెండు కొలతలూ సూటిగా ఉన్నాయి. అలెన్ క్యాప్ స్క్రూల్లో తల ఎత్తు స్క్రూ సైజుతో సమానం: ఎం6కు 6, ఎం8కు 8. ఎం6 తల వ్యాసం 10. గుంత 11 కాబట్టి చుట్టూ 0.5 ఖాళీ. లోతు 6.8 కాబట్టి తల ముఖానికి 0.8 కింద ఉంటుంది. సరిగ్గా సమంగా ఉండాలంటే 6.0 తీయాలి కదా, 6.8 ఎందుకిచ్చారు? సమంగా ఉండటం కంటే పైకి రాకుండా ఉండటం అక్కడ ముఖ్యం. గుంత లోతులో తేడా, తల ఎత్తులో తేడా కలిసినా తల బయటికి రావద్దని డిజైనర్ వేసుకున్న వెసులుబాటు అది. అదే వెసులుబాటు వడ్లు జారే ముఖం మీద ఇవ్వలేరు. 11 గుంతలో 10 తల చుట్టూ ఉండే సందులో నూకలు ఇరుక్కుంటాయి. ఒకే ప్లేటు మీద రెండు రకాలు వాడటానికి కారణం ఇదే.

లోతును ముఖం నుంచి చదును అడుగు దాకా కొలవాలి. డ్రిల్ బిట్టుతో గుంత తీసి వదిలేస్తే అడుగు కోన్‌గా ఉంటుంది, తల అంచు మాత్రమే ఆనుతుంది. పైలట్ ఉన్న కౌంటర్ బోర్ బిట్టు గానీ, మిల్లింగ్‌లో ఎండ్ మిల్ గానీ వాడాలి. 10 మి.మీ. ప్లేటులో 6.8 పోతే తల కింద 3.2 మి.మీ. లోహమే మిగులుతుంది, బిగింపు బలమంతా మోసేది అదే. అందుకే అత్యాశకు పోయి ఇంకా లోతు తీయొద్దు. కొన్ని డ్రాయింగుల్లో లోతుకు బదులు ఈ మిగిలిన మందాన్నే ఇస్తారు. సెక్షన్ బొమ్మలో బాణం ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో చూడకపోతే 3.2 లోతు గుంత తీసి పెడతారు, తల సగం బయటే ఉంటుంది.

వాషర్ వేయాలనుకుంటే ఈ కాలౌట్ పనికిరాదు. ఎం6 ప్లెయిన్ వాషర్ బయటి వ్యాసం 12, అది 11 గుంతలోకే దిగదు. దాని మందం 1.6. గుంతను 13 చేసి వాషర్ దింపినా తల, వాషర్ కలిపి 7.6 అవుతుంది, 6.8 లోతులోంచి 0.8 బయటికి వస్తుంది. వాషర్ కావాలంటే వ్యాసం, లోతు రెండూ మార్చి డ్రాయింగ్ మళ్లీ రాయించుకోవాలి.

కొలతలన్నీ సరిగా ఉన్నా తల దిగలేదంటే స్క్రూ పొడవు చూడు. సీఎస్‌కే స్క్రూ పొడవును తల పైభాగం నుంచి లెక్కిస్తారు, క్యాప్ స్క్రూ పొడవును తల అడుగు నుంచి లెక్కిస్తారు. ఎం6×20 సీఎస్‌కే మన 10 మి.మీ. ప్లేటులో సమంగా కూర్చుంటే కింది పార్టులోకి 10 మి.మీ. పోతుంది. అదే ఎం6×20 క్యాప్ స్క్రూ కింద 3.2 లోహమే ఉంది కాబట్టి 16.8 పోతుంది. కింది పార్టులో మర 12 మి.మీ. దాకే కట్టి ఉంటే స్క్రూ అడుగుకు తగిలి ఆగిపోతుంది. తల కింద దాదాపు 5 మి.మీ. సందు మిగులుతుంది. గుంత లోతు చాలలేదనుకుని మళ్లీ బోర్ చేస్తే ఉన్న 3.2 కూడా పోతుంది.

ఆరు సీఎస్‌కేల్లో నాలుగు బాగా కూర్చుని రెండు ఒక పక్కకు ఎత్తుగా ఉన్నాయంటే లోతు తప్పు కాదు, రంధ్రాల మధ్య దూరం తప్పు. గరాటు తలను తన నడిమికి లాగుతుంది, పక్కకు జరగనివ్వదు. 6.6 రంధ్రంలో ఉన్న 0.6 వదులు కూడా ఇక్కడ అక్కరకు రాదు. కింది మర రంధ్రం 0.3 పక్కకు ఉంటే తల ఒక గోడకు ఆని రెండో వైపు లేస్తుంది, లేదా స్క్రూ వంగుతుంది. కౌంటర్ బోర్‌లో ఆ 0.3 తేడా వదులులోనే కలిసిపోతుంది. అందుకే సీఎస్‌కే రంధ్రాలున్న ప్లేటును జిగ్ లేకుండా గుర్తులు పెట్టి డ్రిల్ చేయడం మానాలి. కుదరకపోతే ప్లేటునే పార్టు మీద క్లాంపు చేసి, ముందు మర రంధ్రం సైజు 5 మి.మీ. రెండింటికీ ఒకేసారి వేసి, తర్వాత ప్లేటులో 6.6కు పెంచుకోవాలి.

పని అయ్యాక గరాటు నోటిని వెర్నియర్ దవడలతో కొలవడం నమ్మదగింది కాదు, అంచు వాలుగా ఉంటుంది, దవడ ఎక్కడ ఆగిందో తెలియదు. అంచు బర్ తీసి, అసెంబ్లీకి వాడబోయే స్క్రూనే రంధ్రంలో వేసి, చేత్తో నొక్కి, పైన స్టీల్ స్కేలు నిలువుగా ఆనించు. స్కేలు ఊగితే తల పైకి ఉంది. ఊగకపోతే స్కేలుకూ తలకూ మధ్య ఫీలర్ గేజ్ ఆకులు పెట్టి చూడు. ఈ షూట్ ప్లేటుకు 0.1 ఆకు దూరి 0.3 ఆకు దూరకపోతే అది మంచి పని. ఆరు రంధ్రాలకూ ఇదే చూడాలి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.